ఏ ధర దగ్గర ఫోను వస్తుంది? అప్పుతో కొన్న షేర్ల లెక్క

మన వైపు వడ్డీని నూటికి నెలకు ఇంత అని చెప్పుకుంటాం. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసేవాళ్లయినా, గిద్దలూరులో కందులు కొనే కొట్టువాళ్లయినా రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అనే మాట్లాడతారు. షేర్ల యాప్‌లో అదే వడ్డీని ఏడాదికి ఇంత శాతమని రాస్తారు. ఏడాదికి పదిహేను శాతమంటే మన లెక్కలో రూపాయి పావలా. ఈ వ్యాసంలో ఆ రూపాయి పావలా వడ్డీకి అప్పు తీసుకుని షేర్లు కొంటే ఏమవుతుందో ఒక్కో అడుగు వేసి చూద్దాం.

ఇప్పుడెందుకంటే, ఈ అప్పు కోసం ఎవరి గడపా తొక్కాల్సిన పని లేదు. షేరు కొనే తెరమీదే రెండు దారులు కనిపిస్తాయి. పూర్తి డబ్బు పెట్టి కొనడం ఒకటి. కొంత మనం పెట్టి, మిగతాది బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని కొనడం రెండోది. ఈ రెండో దాన్ని మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీ, పొట్టిగా ఎం.టి.ఎఫ్. అంటారు. దీనికి సెబీ (షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) 2017 జూన్‌లో కొత్త నిబంధనలు ఇచ్చింది. అవే ఇప్పటికీ పునాది. ఏ షేరుకు పడితే ఆ షేరుకు ఈ అప్పు పుట్టదు. రోజూ బాగా చేతులు మారే మొదటి వర్గం షేర్లకే పుడుతుంది. కొన్న షేర్లు మన డీమ్యాట్ ఖాతాలోకే వస్తాయి గానీ, బ్రోకర్ పేరున తాకట్టులో ఉంటాయి. ఆ తాకట్టుకు ఇంతకుముందు మన ఫోనుకు ఓటీపీ వచ్చేది. చాలామంది అదేమిటో చదవకుండానే కొట్టేసేవారు. ఇప్పుడు ఓటీపీ లేకుండా తాకట్టు దానంతటదే పడుతుంది.

బంగారం తాకట్టు తెలిసినవాళ్లకు ఇది సగం అర్థమైనట్టే. గొలుసు పెట్టి డబ్బు తెచ్చుకుంటే, గొలుసు విలువ కంటే తక్కువే ఇస్తారు. ఆ తేడాయే అప్పిచ్చినవాడికి రక్షణ. ఇక్కడా అంతే. షేరు విలువలో మన వాటాగా ముందు పెట్టే సొమ్మును మార్జిన్ అంటారు. అయితే ఒక పెద్ద తేడా ఉంది. గొలుసు మనింట్లో ముందే ఉన్నది. ఇక్కడ తాకట్టు పెట్టిన వస్తువును కొన్నదే ఆ అప్పుతో. దాని ధర రోజుకొకసారి కాదు, ప్రతి క్షణం మారుతుంది. అప్పిచ్చినవాడు ఆ ధరను ప్రతి క్షణం చూస్తూనే ఉంటాడు.

ఒక లెక్క పెట్టుకుందాం. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన దగ్గర రెండు లక్షలున్నాయి. ఇంకో రెండు లక్షలు బ్రోకర్ దగ్గర అప్పు తీసుకున్నాడు. నాలుగు వందల రూపాయల షేర్లు వెయ్యి కొన్నాడు. మొత్తం నాలుగు లక్షలు. ఈయన ఊహలోని మనిషే గానీ, అంకెలు మాత్రం బ్రోకర్ల దగ్గర రోజూ జరిగే తీరువే.

రెండు లక్షల మీద రూపాయి పావలా వడ్డీ అంటే నెలకు రెండున్నర వేలు, ఏడాదికి ముప్పై వేలు. రోజుకు ఎనభై రెండు రూపాయల పైచిలుకు. బ్రోకర్ దీన్ని రోజువారీగా లెక్కగట్టి లెడ్జర్‌లో (మన ఖాతా పద్దులో) రాస్తాడు. మార్కెట్‌కు శని, ఆదివారాలు సెలవు. వడ్డీకి సెలవు లేదు.

ఏడాదికి ఆ షేరు ఇరవై శాతం పెరిగి 480 అయిందనుకుందాం. అమ్మితే నాలుగు లక్షల ఎనభై వేలు వస్తాయి. అప్పు రెండు లక్షలు, వడ్డీ ముప్పై వేలు తీసేస్తే రెండున్నర లక్షలు మిగులుతాయి. పెట్టింది రెండు లక్షలు కాబట్టి లాభం యాభై వేలు, అంటే ఇరవై ఐదు శాతం. అప్పు లేకుండా తన డబ్బుతోనే కొని ఉంటే ఇరవై శాతం వచ్చేది. కొన్న సరుకు రెండింతలైంది, లాభం మాత్రం ఇరవై నుంచి ఇరవై ఐదుకే పెరిగింది. అదనపు సరుకు తెచ్చిన నలభై వేలలో ముప్పై వేలు వడ్డీకే పోయాయి.

షేరు పది శాతమే పెరిగి 440 అయితే? నలభై వేలు వస్తాయి, ముప్పై వేలు వడ్డీకి పోతాయి. మిగిలేది పది వేలు, అంటే ఐదు శాతం. అప్పు లేనివాడికి పది శాతం వచ్చేది. షేరు పెరిగింది, ఈయన ఎంపిక సరైనదే, అయినా అప్పు చేయనివాడి కంటే తక్కువ వచ్చింది. ఇక్కడ కాస్త ఆగాలి. షేరు పెరిగితే చాలు, అప్పు కలిసొస్తుందని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. షేరు పెరిగే వేగం వడ్డీ వేగాన్ని దాటాలి. రూపాయి పావలా వడ్డీకి తెచ్చిన డబ్బు, ఏడాదికి పదిహేను శాతం కంటే ఎక్కువ పెరిగే షేరులోనే మేలు చేస్తుంది. సరిగ్గా పదిహేను పెరిగితే అప్పు చేసినా చేయకపోయినా ఒకటే. అంతకంటే తక్కువ పెరిగితే అప్పు చేయడమే నష్టం. కదలకుండా 400 దగ్గరే ఉంటే ముప్పై వేలు, అంటే పదిహేను శాతం ఊరికే పోతుంది. భారత పెద్ద కంపెనీల సూచీలు దీర్ఘకాలం మీద ఏడాదికి సగటున పదిహేను దాటించడం కష్టమని తెలిసినవాళ్లు ఈ అంకె దగ్గరే ఆగి ఆలోచిస్తారు.

ఇక షేరు ఇరవై శాతం పడి 320 అయితే? సరుకు మీద ఎనభై వేలు పోయాయి, వడ్డీ ముప్పై వేలు. లక్షా పది వేలు. పెట్టిన రెండు లక్షల్లో సగానికి పైగా, యాభై ఐదు శాతం నష్టం. పెరిగినప్పుడు వడ్డీ లాభాన్ని కోస్తుంది. పడినప్పుడు అదే వడ్డీ నష్టానికి తోడవుతుంది. అందుకే ఇరవై శాతం పెరిగితే వచ్చే ఇరవై ఐదుకూ, ఇరవై శాతం పడితే పోయే యాభై ఐదుకూ అంత ఎడముంది. వీటికి తోడు చిన్న ఖర్చులున్నాయి. కొన్నప్పుడు, అమ్మినప్పుడు లావాదేవీ పన్ను వెయ్యికి రూపాయి చొప్పున ఉంటుంది. బ్రోకరేజీ ఉంటుంది. తాకట్టు పెట్టడానికి, విడిపించడానికి రుసుము ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది ఏడాది చివర కూర్చుని చేసే లెక్క. అప్పుతో కొన్నవాడికి ఏడాది చివరి దాకా ఉండే అవకాశం దొరుకుతుందా అన్నది అసలు ప్రశ్న.

అప్పిచ్చిన బ్రోకర్ ఒక గీత గీస్తాడు. షేర్ల ప్రస్తుత విలువలో ఇంత శాతం ఎప్పుడూ నీ సొంత డబ్బుగా ఉండాలి అంటాడు. దీన్ని కనీస మార్జిన్ అందాం. మన లెక్కలో అది ముప్పై శాతం అనుకుందాం. సొంత డబ్బు అంటే షేర్ల విలువలో అప్పు తీసేయగా మిగిలింది. ధర పడితే అప్పు తగ్గదు, రెండు లక్షలు అలాగే ఉంటాయి. నష్టమంతా మన వాటా మీదే పడుతుంది. ఆ వాటా ముప్పై శాతానికి దిగిన క్షణాన బ్రోకర్ డబ్బు కట్టమంటాడు. అదే మార్జిన్ కాల్ (వాటా తగ్గింది, పూడ్చమనే పిలుపు). “సార్, మీ అకౌంట్‌లో షార్టేజ్ ఉంది, రేపు పొద్దునలోగా వేసేయండి” అని ఫోను రావచ్చు. లేదా మెసేజో, మెయిలో రావచ్చు. ఫోను రానంత మాత్రాన గడువు ఆగదు.

ఆ పిలుపు ఏ ధర దగ్గర వస్తుందో కొనకముందే తెలుసుకోవచ్చు. పెన్సిలూ కాగితమూ చాలు.

పిలుపు ధర = ఒక్కో షేరు మీద అప్పు ÷ (1 − కనీస మార్జిన్)

మన ఉదాహరణలో షేరుకు అప్పు 200. కనీస మార్జిన్ ముప్పై శాతం కాబట్టి 200ని 0.7తో భాగించాలి. 285 రూపాయల 71 పైసలు. సరి చూద్దాం. ఆ ధర దగ్గర షేర్ల విలువ సుమారు 2,85,700. అప్పు పోగా 85,700 మిగులుతుంది. అది విలువలో ముప్పై శాతమే. అంటే 400కు కొన్న షేరు ఇంచుమించు ఇరవై ఎనిమిదిన్నర శాతం పడితే పిలుపు వస్తుంది.

అది చాలా దూరమే అనిపిస్తుంది. ఆ దూరాన్ని తగ్గించేవి మూడున్నాయి.

మొదటిది వడ్డీ. ఆరు నెలలు వడ్డీ కట్టకుండా లెడ్జర్‌లోనే వదిలేస్తే పదిహేను వేలు అప్పులో కలుస్తాయి. షేరుకు అప్పు 215 అవుతుంది. పిలుపు ధర 307కు ఎక్కుతుంది. షేరు ధర కదలకపోయినా, గీత పైకి జరిగి ఇరవై ఒక్క రూపాయలు దగ్గరికొచ్చింది.

రెండోది అప్పు మోతాదు. మన వాటా సగం పెట్టినప్పటి లెక్క ఇది. కానీ పెద్ద షేర్లకు సగం పెట్టాల్సిన పని లేదు. నిబంధనల ప్రకారం ఫ్యూచర్స్ నడిచే షేర్లకు ఇరవై శాతం దరిదాపుల నుంచే మొదలవుతుంది. పావు వాటా పెట్టి, ముప్పావు అప్పు తెచ్చినవాడిని చూద్దాం. తనవి లక్ష, అప్పు మూడు లక్షలు. షేరుకు అప్పు 300. కనీస మార్జిన్ ఇరవై శాతమే అయినా పిలుపు ధర 375. అంటే ఆరుంపావు శాతం పడితే చాలు. సగం అప్పుకు ఇరవై ఎనిమిదిన్నర, ముప్పావు అప్పుకు ఆరుంపావు. మొదట పెట్టిన మార్జిన్ శాతాన్నే ఎప్పుడూ ఉంచమనే బ్రోకర్లు కూడా ఉన్నారు. వాళ్ల దగ్గరైతే కొన్న మర్నాడు రూపాయి తగ్గినా ఎంతో కొంత తక్కువ చూపిస్తుంది.

మూడోది చాలామందికి తెలియదు. ఆ శాతం రాయి మీద చెక్కింది కాదు. షేరు ఎంత ఊగుతుందన్న దాన్ని బట్టి ఎక్స్ఛేంజీ రిస్క్ అంచనా వేస్తుంది. ఎం.టి.ఎఫ్. మార్జిన్‌కు ఆ అంచనాయే మూలం. షేరు నిలకడగా ఉన్నంత కాలం అది తక్కువగా ఉంటుంది. ధర పడటం మొదలైందంటే ఊగిసలాట పెరుగుతుంది, దానితో అడిగే శాతమూ పెరుగుతుంది. మన మొదటాయన విషయంలో ముప్పై కాస్తా నలభై అయితే, 200ని 0.6తో భాగించాలి. పిలుపు ధర 333. పై నుంచి ధర దిగుతుంటే కింది నుంచి గీత ఎక్కుతుంది. రెండూ ఎదురెదురుగా వస్తాయి కాబట్టి అనుకున్న దానికంటే ముందే కలుస్తాయి.

ఒక నిజమైన రోజును తీసుకుని ఈ గీతను పరీక్షిద్దాం. 2024 జూన్ 4. మన వైపు అందరూ మార్కాపురంలో ఎవరు, గిద్దలూరులో ఎవరు అని ఓట్ల లెక్కింపు చూస్తున్న రోజు. అదే రోజు సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడి 72,079 దగ్గర ముగిసింది. 5.74 శాతం. సూచీతో పాటే నడిచే షేరును పావు వాటాతో 400కు ముందురోజు కొన్నవాడికి ఆ సాయంత్రం ధర 377. పిలుపు ధర 375. అంగుళంలో తప్పించుకున్నాడు అనిపిస్తుంది. కానీ మధ్యాహ్నం ఒక దశలో సెన్సెక్స్ ఎనిమిది శాతానికి పైగా పడింది. ఆ నిమిషంలో అతని షేరు 367. బ్రోకర్ కంప్యూటర్ సాయంత్రం దాకా ఆగి లెక్క చూడదు. ఆ తర్వాత మూడు రోజుల్లో, జూన్ 7కల్లా, సెన్సెక్స్ పడిన చోటు దాటి 76,693కు చేరింది. తన డబ్బుతో కొన్నవాడు ఆ వారం టీవీ చూడకపోయినా నష్టం లేదు. జూన్ 4 మధ్యాహ్నం షేర్లు అమ్ముడుపోయినవాడికి జూన్ 7తో పని లేదు.

పిలుపు వచ్చాక దారులు రెండే. డబ్బు కట్టడం ఒకటి. కట్టకపోతే బ్రోకరే షేర్లు అమ్మి అప్పు తగ్గించుకోవడం రెండోది. రెండో దారి ఎంత ఖరీదైనదో దగ్గర నుంచి చూడాలి.

మళ్లీ మొదటాయన దగ్గరికి వద్దాం. వడ్డీ పక్కన పెడదాం. షేరు 240కి పడింది. విలువ 2,40,000. అప్పు 2,00,000. సొంతం 40,000. ఉండాల్సింది ముప్పై శాతం, అంటే 72,000. తక్కువ పడింది 32,000. చేతిలో డబ్బుంటే ముప్పై రెండు వేలు కడితే సరిపోతుంది. డబ్బు లేదు, బ్రోకర్ అమ్ముతున్నాడు. ముప్పై రెండు వేల విలువైన షేర్లు అమ్మితే సరిపోతుందా? సరిపోదు. షేర్లు అమ్మితే అప్పు తగ్గుతుంది గానీ సొంత డబ్బు పెరగదు, నలభై వేలు నలభై వేలుగానే ఉంటుంది. ఆ నలభై వేలు ముప్పై శాతం కావాలంటే మొత్తం విలువ 1,33,000 దగ్గరికి తగ్గాలి. అంటే లక్షా ఆరు వేలకు పైగా అమ్మాలి. 445 షేర్లు. తక్కువ పడిన దానికి మూడు రెట్లకు మించి అమ్మకం.

ఇప్పుడు షేరు మళ్లీ 400కు వచ్చిందనుకుందాం. ఆయన అనుకున్నదే జరిగింది. చేతిలో ఉన్నవి 555 షేర్లు, విలువ 2,22,000. మిగిలిన అప్పు 93,200. తనకు దక్కేది 1,28,800. రెండు లక్షలు పెట్టాడు, ధర కొన్న చోటికే వచ్చింది, అయినా 71,200 పోయాయి. వడ్డీ దీనికి అదనం. ఆ డెబ్బై వేలు ఎక్కడ పోయాయంటే, 445 షేర్లను ఒక్కోటి నూట అరవై నష్టానికి అమ్మిన చోట. అమ్మాలని ఆయన నిర్ణయించుకోలేదు. అప్పుతో కొన్నవాడు, ఎప్పుడు అమ్మాలో నిర్ణయించుకునే హక్కును కొన్నరోజే అప్పిచ్చినవాడి చేతిలో పెడతాడు. వడ్డీ కంటే పెద్ద ఖరీదు ఇదేనని నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఆ ముప్పై రెండు వేలు మర్నాటికి సర్దడం ఎంత కష్టమో కూడా ఆలోచించాలి. పశ్చిమ ప్రకాశంలో చేతికి డబ్బు వచ్చే కాలం వేరు. కందులు, మిర్చి అమ్ముకున్నాకే రైతుకు డబ్బు. సరుకు వెళ్లి, బాకీ వసూలయ్యాకే పలకల వ్యాపారికి డబ్బు. ఉన్న ఆస్తి భూమి, ఇల్లు, సరుకు. ఇవేవీ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బ్యాంకు ఖాతాలో డబ్బుగా మారవు. జీతగాడికి నెలనెలా వచ్చే డబ్బుంటుంది. పంట మీద, బాకీల మీద బతికేవాడికి ఆ వెసులుబాటు ఉండదు. ఆస్తిపరుడు కూడా పిలుపు వచ్చిన రోజు రొక్కం లేనివాడే కావచ్చు. అప్పుడు తెచ్చే డబ్బు రెండు రూపాయలకో మూడు రూపాయలకో చేబదులు అవుతుంది. రూపాయి పావలా అప్పును కాపాడటానికి మూడు రూపాయల అప్పు.

తెలుగు నేల మీద అందరికీ తెలిసిన మార్జిన్ కాల్ ఒకటుంది. అయితే దాన్ని ఆ పేరుతో గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. సత్యం కంప్యూటర్స్.

అది ఎం.టి.ఎఫ్. కాదు. సత్యం యజమాని కుటుంబం తమ షేర్లను తాకట్టు పెట్టి రుణదాతల దగ్గర డబ్బు తెచ్చింది. కానీ గీత అదే, పిలుపు అదే. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కంపెనీలను నూట అరవై కోట్ల డాలర్లు పెట్టి కొంటామని ప్రకటించింది. పెట్టుబడిదారులు తిరగబడ్డారు. కొన్ని గంటల్లోనే విరమించుకున్నారు. మర్నాడు షేరు దాదాపు 226 నుంచి 158కి, ముప్పై శాతం పడిపోయింది. తాకట్టు షేర్ల విలువ అంతమేరా కరిగింది. రుణదాతలు ఆగలేదు. తమ దగ్గరున్న షేర్లను మార్కెట్లో అమ్మేశారు. ఎనిమిది శాతానికి పైగా ఉన్న కుటుంబం వాటా జనవరి మొదటి రోజులకు ఐదు శాతం దరిదాపులకు, ఆపైన ఇంకా కిందికి దిగిపోయింది. రుణదాతల అమ్మకం ధరను ఇంకా ఒత్తింది. ధర పడితే అమ్మకం, అమ్మితే ధర పడటం.

2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. యజమానుల షేర్లన్నీ తాకట్టు పెట్టి, మరికొన్ని మార్గాల్లోనూ తెచ్చిన 1,230 కోట్లు కంపెనీలోకే వెళ్లాయని కూడా రాశారు. ముందురోజు 179 దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రం 40 రూపాయల లోపు ముగిసింది.

ఈ రెండు పతనాల్లో అప్పుతో కొన్న ఒక చిన్న మనిషి పరిస్థితి ఏమయ్యేదో లెక్క కడదాం. డిసెంబరు 16న వంద షేర్లు 226 చొప్పున కొన్నాడు. 22,600. సగం తనది, సగం అప్పు. షేరుకు అప్పు 113, కనీస మార్జిన్ ముప్పై అనుకుంటే పిలుపు ధర 161. మర్నాడే షేరు 158. విలువ 15,800లో సొంతం 4,500. తక్కువ పడింది కేవలం 240 రూపాయలు. జాగ్రత్తపరుడు కాబట్టి వెయ్యి కట్టాడు. అప్పు 10,300 అయింది. మధ్యలో వచ్చిన ఊగిసలాటను పక్కన పెడితే, జనవరి 6న షేరు 179కి కోలుకుంది. సొంత వాటా 7,600, అంటే నలభై రెండు శాతం. గీతకు చాలా పైన ఉన్నాడు. నిబంధనలన్నీ పాటించాడు.

జనవరి 7 సాయంత్రం అతని వంద షేర్ల విలువ నాలుగు వేలు. అప్పు 10,300. అన్నీ అమ్మేసినా 6,300 బాకీ మిగిలింది. పెట్టిన 12,300 పోయింది, పైన ఇంకా కట్టాలి. అంతకుముందు చెప్పిన పిలుపు ధర సూత్రానికి ఉన్న హద్దు ఇదే. ధర మెట్టు మెట్టుగా దిగితేనే గీత దగ్గర పిలుపు, గీత దగ్గర అమ్మకం. ఒక్కసారిగా దూకితే గీత దగ్గర అమ్ముదామన్నా కొనేవాడుండడు. ఫ్యూచర్స్ ఉన్న షేర్లకు రోజుకు ఇంతే పడాలన్న స్థిరమైన హద్దు లేదు, సత్యం అలాంటి షేరే. హద్దు ఉన్న షేర్లలోనూ ఊరట లేదు. లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకు పడగల అట్టడుగు ధర) పడ్డాక అమ్మేవాళ్లే ఉంటారు, కొనేవాళ్లుండరు. మర్నాడు మళ్లీ అదే.

అప్పు లేకుండా వంద షేర్లున్నవాడికీ ఆ రోజు దెబ్బ తగిలింది. అయితే అతని చేతిలో వంద షేర్లు మిగిలాయి. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వేలంలో గెలిచి కంపెనీని చేపట్టింది. 2013లో విలీనమైనప్పుడు ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. నష్టం పూర్తిగా పూడిందని కాదు. వేచి చూడటానికి అతని దగ్గర ఏదో ఒకటి ఉంది. అప్పు చేసినవాడి దగ్గర 6,300 బాకీ ఉంది.

సత్యం తర్వాత 2009 జనవరిలోనే సెబీ, యజమానులు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలని నిబంధన తెచ్చింది. అది చిన్న మదుపరికి నేరుగా పనికొచ్చేది. ఎన్.ఎస్.ఇ., బి.ఎస్.ఇ. వెబ్‌సైట్లలో ప్రతి కంపెనీకి మూడు నెలలకొకసారి వాటాల పట్టిక పెడతారు. అందులో యజమానుల వాటాలో ఎంత తాకట్టులో ఉందో ఒక గడి ఉంటుంది. ఆ గడిలో పెద్ద అంకె ఉంటే, ఆ యజమానికీ ఒక పిలుపు ధర ఉన్నట్టే. మీరు కూడా అప్పుతో అదే షేరు కొంటే ఒకే షేరు మీద రెండు గీతలు. ఆయన గీత తెగినప్పుడు పడే అమ్మకం మీ గీతనూ తెంపుతుంది.

ఎం.టి.ఎఫ్.లో కొనబోయేవాళ్లు బ్రోకర్‌ను ముందే అడగాల్సినవి కొన్నే. ఈ షేరుకు కనీస మార్జిన్ ఎంత, దాన్ని ఎప్పుడు మారుస్తారు? తక్కువ పడితే ఎన్ని గంటల గడువు? గడువు లోపలే అమ్మే శాతం ఏదైనా ఉందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు ఒప్పంద పత్రంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాటా ఫలానా శాతానికి పడితే పిలుపు లేకుండానే అమ్ముకోవచ్చని చాలా పత్రాల్లో రాసి ఉంటుంది. షేరును ఎక్స్ఛేంజీ మొదటి వర్గం నుంచి తీసేస్తే ఏం చేస్తారో కూడా అడగాలి. అప్పుడు అప్పు అర్హతే పోతుంది కాబట్టి, ధర పడకపోయినా పూర్తి డబ్బు కట్టమంటారు.

ఇప్పటికే తీసుకున్నవాళ్లు తెర మీద చూసుకోవాల్సింది ఒకటుంది. పోర్ట్‌ఫోలియో పేజీలో కనిపించే లాభనష్టాల్లో సాధారణంగా వడ్డీ కలవదు. అది లెడ్జర్‌లో విడిగా ఉంటుంది, రెండూ కలిపి చూస్తేనే నిజమైన అంకె. అన్నీ అమ్మాక కూడా లెడ్జర్‌లో బాకీ మిగిలితే దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ ఖాతాలో ఉన్న మిగతా షేర్లు, అప్పుతో కొననివి కూడా, ఆ బాకీకి జమ కట్టుకునే హక్కు ఒప్పందంలో ఉందేమో సంతకానికి ముందే చదువుకోవాలి.